కాకి ఎంగిలికి లొంగని వైరస్

ఎంగిలి శాస్త్రంలో మనకున్నంత లోతు ప్రపంచంలో మరెవరికీ లేదని నా నిశ్చితాభిప్రాయం. పెదవి తగలకుండా చెంబు ఎత్తి తాగే విద్యను అమ్మమ్మలు అయిదో ఏటే నేర్పిస్తారు. జామకాయను చొక్కా అంచులో చుట్టి కొరికితే కాకి ఎంగిలి, దోషం లేదు. ఇంత కట్టుదిట్టమైన వ్యవస్థా కబడ్డీ కోర్టు దగ్గరికి రాగానే కుప్పకూలుతుంది. అక్కడ ఏడు నోళ్లకు ఒకటే సీసా.

మా అక్క కొడుకు, పదహారేళ్ల రైడర్, గొంతు నొప్పితో మంచం ఎక్కాడు. ఇంటి విచారణ సంఘం వెంటనే సమావేశమై నిన్నటి ఐస్‌క్రీమును దోషిగా తేల్చింది. అది పాపం నిర్దోషి. గ్లాండ్యులర్ ఫీవర్ తెచ్చే ఎప్‌స్టీన్-బార్ వైరస్ లాలాజలంతో ఒంట్లో చేరాక నాలుగు నుంచి ఆరు వారాలు చడీచప్పుడు లేకుండా ఉండి, అప్పుడు లేస్తుంది. దాన్ని సీసాలో వదిలినవాడు నిక్షేపంగా కూత పెడుతూనే ఉండవచ్చు. కేసు పెట్టడానికి ముద్దాయి దొరకడు.

సంఘం తర్వాతి తీర్మానం అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్. డాక్టరు చీటీ లేకుండా తెచ్చి వేశారు. వైరస్ చెక్కుచెదరలేదు గానీ అయిదో రోజుకు పిల్లవాడి ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు. ఈ జ్వరంలో ఆ మందు తరచుగా చేసే పనే అది. అంతమాత్రాన జీవితాంతం ఆ మందు పడదని కాదు. సంఘం మాత్రం 'వేడి చేసింది' అని రాసుకుని మజ్జిగ పోసింది.

రెండో వారంలో జ్వరం దిగింది, నీరసం దిగలేదు. మేడ మెట్లలో సగం ఎక్కి కూర్చుండిపోతున్నాడు. కారణం ఫోను అని ఏకగ్రీవంగా తీర్మానించారు. చివరికి డాక్టరు మెడ వెనక వరుసగా ఉబ్బిన గ్రంథులను తడిమి చూశారు. మొదటి వారం రాని పాజిటివ్ రెండోసారి రక్త పరీక్షలో వచ్చింది. తొలి రోజుల్లో ఆ పరీక్ష తప్పిపోవడం మామూలేనట. వైరస్‌ను చంపే మందేమీ రాయలేదు. నీళ్లు, పారాసిటమాల్, విశ్రాంతి. నీరసం కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఉండవచ్చన్నారు.

ఇక కోచ్ గారు. 'చెమట పడితే రోగం పోతుంది' అన్నది ఆయన వైద్యం. ఎడమ పక్కటెముకల కింద ప్లీహం ఉబ్బి ఉంది. అది చిట్లడం అరుదే, కానీ చిట్లితే ఎక్కువగా మొదటి మూడు వారాల్లోనే, ఒక్కోసారి దెబ్బ తగలకుండానే. అందుకని కనీసం మూడు వారాలు ఏ ఆటా వద్దన్నారు డాక్టరు. పదిమంది మీద పడే కబడ్డీకి అంతకంటే ఎక్కువే, డాక్టరు మళ్లీ చూసి సరేననేదాకా. ఎడమ పైకడుపులో హఠాత్తుగా నొప్పి వచ్చినా, ఎడమ భుజం లాగినా ఆసుపత్రికి పరుగెత్తాలి. జిల్లా ట్రోఫీ కోసం ఒక ప్లీహం త్యాగం చేయలేరా అన్నట్టు చూశారు కోచ్ గారు.

పెద్ద మనసుతో బెంచీ మీద కూర్చోబెట్టారు. ఖాళీగా ఉన్నాడు కదా అని జట్టు నీళ్ల బాధ్యత వాడికే ఇచ్చారు. వైరస్ లాలాజలంలో నెలల తరబడి ఉంటుంది. నీళ్లు చల్లగా ఉన్నాయో లేదో వాడే ముందు ఒక గుక్క తాగి చూసి సీసా అందిస్తున్నాడు.