టోటల్ ఫుట్‌బాల్‌లో పొజిషన్లు లేవా?

టోటల్ ఫుట్‌బాల్ అంటే 1970ల్లో నెదర్లాండ్స్ జట్టుకు పేరు తెచ్చిన, ఆటగాళ్లు చోట్లు మార్చుకుంటూ ఆడే పద్ధతి. దాని గురించి తరచూ వినిపించే మాట ఇది: "టోటల్ ఫుట్‌బాల్‌లో పొజిషన్లే ఉండవు, ఎవరైనా ఎక్కడైనా ఆడొచ్చు. 1974 వరల్డ్ కప్‌లో మామూలుగా 1 వేసుకునే గోల్‌కీపర్‌కి నెదర్లాండ్స్ జట్టులో జెర్సీ నంబరే 8, ఇంకేం సాక్ష్యం కావాలి? కెప్టెన్ క్రైఫ్ అయితే మైదానమంతా తనిష్టం వచ్చినట్టు తిరిగేవాడు."

ముందు నంబర్ల సంగతి తేల్చేద్దాం. ఆ జట్టుకు నంబర్లు ఇంటిపేర్ల అక్షరక్రమంలో ఇచ్చారు. అందుకే ఫార్వర్డ్ గేల్స్‌కు 1, గోల్‌కీపర్ యాంగ్‌బ్లూడ్‌కు 8 వచ్చాయి. క్రైఫ్ మాత్రం తనకు అలవాటైన 14 ఉంచుకున్నాడు. ఆటతీరుతో దీనికి సంబంధమే లేదు.

ఇక పొజిషన్ల మాట. కోచ్ రినస్ మిచెల్స్ డచ్ క్లబ్ అయాక్స్‌లో, తర్వాత జాతీయ జట్టులో నేర్పింది పొజిషన్లు వదిలేయమని కాదు, ఏ పొజిషనూ ఖాళీగా ఉండనివ్వద్దని. కుడి బ్యాక్ సూర్‌బియర్ బంతితో ముందుకు దూసుకెళ్తే, అదే వైపున్న మిడ్‌ఫీల్డరో వింగరో వెనక్కి దిగి ఆ చోటు చూసుకోవాలి. మార్పిడి ఎక్కువగా ఇలా ఒకే వైపున, ముందుకీ వెనక్కీ జరిగేది. ఎందుకంటే బంతి పోయినప్పుడు దగ్గర్లో ఉన్నవాడే ఆ చోటుకు వెంటనే చేరగలడు. కుడివైపు బ్యాక్ ఎడమ వింగ్‌కి వెళ్లిపోతే రెండు వైపులా చిల్లు పడుతుంది.

క్రైఫ్ తిరుగుడుకు కూడా లెక్క ఉంది. పశ్చిమ జర్మనీతో మ్యూనిక్‌లో జరిగిన ఫైనల్ మొదటి నిమిషమే చూడండి. సెంటర్ ఫార్వర్డ్ అయిన క్రైఫ్ మధ్య వలయం దాకా దిగి బంతి అందుకున్నాడు. గోల్‌కీపర్‌ని పక్కన పెడితే, ఆ క్షణంలో డచ్ జట్టులో అందరికన్నా వెనకున్నది అతనే. మిగతావాళ్లు ముందు సర్దుకుని ఉన్నారు. జర్మన్ సెంటర్ బ్యాక్‌లు కాపలా కాద్దామంటే వాళ్ల ఎదురుగా సెంటర్ ఫార్వర్డే లేడు. క్రైఫ్ తన వెంటే ఉన్న జర్మన్ డిఫెండర్ ఫోక్ట్స్‌ని దాటేసి పరుగెత్తుతుంటే బాక్స్‌లో హోనెస్ పడగొట్టాడు. నీస్కెన్స్ పెనాల్టీ కొట్టాడు. జర్మన్లు బంతిని ముట్టకముందే 1–0!

"ఎవరైనా ఎక్కడైనా" అన్నదానికి అదే మ్యాచ్‌లో జవాబు దొరుకుతుంది. అయాక్స్‌లో మిడ్‌ఫీల్డర్‌గా ఆడే హాన్‌ని ఆ టోర్నీలో సెంటర్ బ్యాక్‌గా దించారు. బంతిని ముందుకు నడపడంలో అది బాగా పనికొచ్చింది. కానీ 43వ నిమిషంలో జర్మన్ మిడ్‌ఫీల్డర్ బోన్‌హోఫ్ తన కుడివైపు హాన్‌ని దాటుకుని బంతి లోపలికి పంపాడు, మ్యూలర్ గిర్రున తిరిగి గోల్ కొట్టాడు. అప్పటికే ఒక గోల్‌తో స్కోరు సమం చేసిన పశ్చిమ జర్మనీ 2–1తో గెలిచింది. కొత్త చోటు పని హాన్‌కు తెలిసినా, పక్కకు లాగేస్తే ఒంటరిగా ఆపడం వేరే విద్య, నా దృష్టిలో అక్కడే దెబ్బతిన్నారు.

పాత వీడియోల్లో దీన్ని పోల్చుకోవాలంటే పరుగెత్తేవాణ్ని చూడకండి. అతను వదిలిన చోటు చూడండి. రెండు మూడు సెకన్లలో అక్కడికి ఇంకొకడు రాకపోతే అది మార్పిడి కాదు, ఆటగాడు దారి తప్పడమే.