నాన్న ఇచ్చిన జాయినింగ్ లెటర్

రాజీనామా రాయడం పెద్ద పనేం కాదు. "మా కుటుంబానికి చెందిన ఐసు ఫ్యాక్టరీ చూసుకోవాల్సి వచ్చింది, నన్ను రిలీవ్ చేయగలరు" అని రెండు ముక్కలు రాసి ఏప్రిల్ 15న పంపేశాను. మా నోటీసు అరవై రోజులు. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అంటే 13న ఆఫీసున్న రుషికొండ దిగి, 14 రాత్రికి హార్బర్లో బోట్లకి ఐసు ఎత్తించొచ్చన్నమాట. పంతులుగారు ముహూర్తం పెట్టినా ఇంత బాగా కుదరదు.

కానీ ఐసు స్విచ్చేస్తే రాదు. రెండు నెలలు ఆపిన ప్లాంటులో ముందు అమ్మోనియా ఎక్కడ లీకవుతోందో చూడాలి, కంప్రెసర్ విప్పి సరిచేయాలి, ఉప్పునీటి ట్యాంకు సున్నాకి బాగా కిందకి దిగేదాకా ఆగాలి. అప్పుడు క్యాన్లలో నీళ్లు పోస్తే, పెద్ద దిమ్మ నడిమి దాకా గడ్డకట్టడానికి ఒకటిన్నర, రెండు రోజులు. బోట్లేమో నిషేధం తీరగానే ఒక్కసారిగా కదుల్తాయి, అన్నిటికీ టన్నుల్లో ఐసు కావాలి. ఆ నాలుగు రోజుల అమ్మకంతోనే వేసవి కరెంటు బిల్లు తీరాలి. ప్లాంటు ఆపినా, వాడతామని ఒప్పుకున్న కరెంటుకి కొంత బిల్లు వస్తూనే ఉంటుంది మరి. మా ఫ్యాక్టరీ మునుగుతున్నది సగం అక్కడే, మిగతా సగం బోట్లవాళ్ల పాత బాకీల్లో. అంచేత జూన్ 1కే వదిలేయమని అడిగాను.

పాతికమంది కూడా లేని ఆఫీసు మాది. టీ డబ్బులు ఎవరిస్తారో కేకేసి తేల్చుకుంటాం. రాజీనామాకి మాత్రం పోర్టల్ పెట్టారు. ముందుగా వెళ్లాలంటే కొత్త కంపెనీ జాయినింగ్ లెటర్ అప్‌లోడ్ చేయాలట. పక్కన ఎర్ర చుక్క, అంటే తప్పనిసరి.

"కొత్త కంపెనీ లేదు మేడమ్, మా నాన్నే" అన్నాను.

"అయితే నాన్నగారి దగ్గరే తీసుకోండి" అంది హెచ్చార్ మేడమ్, కంప్యూటర్లోంచి తలెత్తకుండా.

"నీకు ఉద్యోగం ఇత్తన్నట్టు నేను రాయాలేట్రా?" అన్నారు నాన్న. చాలాసేపు నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, కళ్లజోడు తెప్పించుకున్నారు. అక్కడే నాకు టెన్షన్ మొదలైంది.

లెటర్‌హెడ్ ఎప్పుడో అయిపోయింది. మళ్లీ వేయించడం దండగని బిల్లు పుస్తకంలోనే రాశారు. అందులో గడులు ముందే అచ్చేసి ఉంటాయి. బోటు పేరు అన్నచోట నా పేరు వచ్చింది. దిమ్మలు అన్నచోట 1. బరువు గడి దగ్గర కలం ఆపి నన్ను పైనుంచి కిందకి చూశారు, ఏమనుకున్నారో, ఖాళీగా వదిలేశారు. రేటు దగ్గర, "ఇప్పుడే చెప్పలేం, సీజను చూసి" అని రాశారు. ఇరవయ్యేళ్లుగా బోట్లవాళ్లకి చెప్పే మాటే అది. పాత బాకీ గడి చూడగానే చేతికి ఊపొచ్చింది. నా ఇంజనీరింగ్ ఫీజు, హాస్టలు, మూడో సంవత్సరంలో కొనిచ్చిన బండి వరసగా వేసి, కింద రెండు గీతలు కొట్టి, మొత్తం మాత్రం మర్యాదకి వేయలేదు. అడుగున సన్నక్షరాల్లో ఎప్పటినుంచో ఉన్న షరతు ఉండనే ఉంది: "సరుకు ఎత్తిన తరువాత కరిగిన యెడల మాకు సంబంధం లేదు." దాని మీదే గుండ్రటి స్టాంపు పడింది.

అప్‌లోడ్ చేశాను. పోర్టల్ ఏ అభ్యంతరం లేకుండా తీసుకుంది. దానికి కావాల్సింది కాగితమే కానీ అందులో ఏముందో కాదు కదా.

చదివింది మాత్రం మేడమ్. చదివి ఊరుకోకుండా, వెరిఫికేషన్ అని బిల్లు మీదున్న నంబరుకి ఫోన్ చేసింది. మా ఇంటి హాల్లోనే మోగింది. నేను సైగలు చేస్తూనే ఉన్నాను.

"మీ కొత్త ఉద్యోగి జూన్ 1కే రావాలంటున్నారు. మీకు అంత అవసరమాండి?"

"ఒకరి దగ్గర నోటీసు పూర్తి చెయ్యనోడు రేపు నా దగ్గర మాత్రం ఉంటాడేటమ్మా? మొత్తం చేసే రమ్మనండి" అన్నారు నాన్న, యజమాని గొంతుతో.

మర్నాడు పోర్టల్లో తిరస్కరణ వచ్చింది. కారణం: కొత్త యాజమాన్యానికి తొందర లేదు. నిజానికి తొందరంతా బోట్లవాళ్లదే. ఐసు ఎప్పటికి అందుతుందని వాళ్లు ఫోన్ చేస్తుంటే, నాన్న అందరికీ నా నంబరే ఇస్తున్నారు.