రెండున్నరకి వచ్చిన లారీ

పదకొండుకి రావాల్సిన లారీ రెండున్నరకి వచ్చింది. దిగీ దిగగానే డ్రైవర్ మొదటి మాట: "సార్, త్వరగా సంతకం పెట్టండి, ఇంకో లోడ్ ఉంది." మూడున్నర గంటలు గోడౌన్‌లో సరుకు దించే డాక్ ఖాళీగా పెట్టుకుని కూర్చున్నామే, అప్పుడు ఈ తొందర ఏమైంది బాబూ?

సీల్ నంబరు కాగితంతో సరిపోయింది, సరే. తలుపు తీస్తే మొదటి ప్యాలెట్ పక్కకి ఒరిగి ఉంది, కింది వరస అట్టపెట్టెలు నలిగిపోయి, ఒకదానికి ఫోర్క్ గుచ్చిన చిల్లు కూడా. లారీలో ఉండగానే ఫొటోలు తీశాను, ఎందుకంటే దించాక తీస్తే "మీ ఫోర్క్‌లిఫ్టే గుచ్చింది" అంటారు. ఈలోగా కస్టమర్ నుంచి ఐదోసారి ఫోన్. "నా సరుకు బాగానే ఉందా?" లెక్కపెట్టనిస్తే కదమ్మా చెప్పేది! 40 పెట్టెల్లో 34 బాగున్నాయి, ఉదయం లోడ్‌లో పంపుతా అన్నాక ఆవిడ కాస్త ఊపిరి పీల్చుకుంది.

డ్రైవర్‌ది మాత్రం ఒకటే గోల, డ్యామేజీ అని రాయొద్దట, ఉత్త సంతకం చాలట. అలా పెడితే సరుకు బాగా అందిందని ఒప్పుకున్నట్టే కదా, రేపు క్లెయిమ్ డబ్బులు నువ్విస్తావా? "6 పెట్టెలు నలిగాయి, ఒకదానికి చిల్లు" అని రసీదు మీదే రాసి, అతనితోనూ సంతకం పెట్టించాను. మొహం మాడ్చుకుని వెళ్లాడు. నాకింకా రిపోర్టు మిగిలే ఉంది.