గురుభక్తికి 20 శాతం తగ్గింపు

టీచర్స్ డేకి డిస్కౌంట్ ఇవ్వకుండా నోరు కట్టుకోవడం ఎంత పెద్ద తపస్సో బయటివాళ్లకు తెలియదు. బెంగళూరు కోరమంగళలో ఒక యాడ్ ఏజెన్సీలో కాపీ రాసి పొట్ట పోసుకుంటున్న నాకు తెలుసు. పోయినేడు జూలైలో పెన్నులూ నోటుబుక్కులూ చేసే ఒక కంపెనీవాళ్లు వచ్చి, "ఈసారి అమ్మకాలు వద్దండీ, గురువుల్ని గౌరవిద్దాం, అంతే" అన్నారు. సేల్స్ మేనేజర్ నోట ఆ మాట విన్న భాగ్యవంతుణ్ణి నేనొక్కణ్ణేనేమో, అందుకే జరిగింది జరిగినట్టు నమోదు చేస్తున్నాను.

ముందు వాళ్ల బాధ చూడాలి. ఇక్కడ బడులు జూన్ మొదటికల్లా తెరుస్తారు, కాబట్టి నోటుబుక్కుల అమ్మకం ఎక్కువగా అప్పుడే, అవెన్యూ రోడ్డులో కాలు పెట్టే చోటుండదు. సెప్టెంబర్‌కి పిల్లాడి నోటుబుక్కు ఇంకా సగంలో ఉంటుంది, గోడౌన్‌లో సరుకు మాత్రం నిండుగా ఉంటుంది. 1962లో రాధాకృష్ణన్ గారి పుట్టినరోజును ఉపాధ్యాయ దినోత్సవం చేసినప్పుడు ఈ మిగులు సరుకు సంగతి ఎవరూ ఆలోచించలేదు పాపం.

మా మొదటి ప్లాన్‌లో ఆఫర్ లేదు. ఏడో వెర్షన్‌కి వచ్చేసరికి అడుగున చిన్న అక్షరాల్లో GURU20 అనే డిస్కౌంట్ కోడ్ మొలిచింది. 20 శాతం తగ్గింపు, కనీసం 499 రూపాయల ఆర్డర్, టీచరని రుజువు చేసే ఐడీ కార్డు అప్‌లోడ్ చేయాలి. నేను మారతహళ్లిలో లెక్కలు చెప్పే మా వదినకు చూపించాను. ఆవిడ చదివి, "పది రూపాయల ఎర్ర పెన్ను మీద రెండు రూపాయల గౌరవం, అది దక్కాలంటే యాభై పెన్నులు కొనాలి, పైగా నేను టీచర్నని మీకు సాక్ష్యం చూపించాలి, బాగుందయ్యా" అంది. కంపెనీవాళ్లకు ఇదే చెబితే, పోనీ కనీస ఆర్డర్ 299 చేద్దామన్నారు.

వదినకు మూడు సెక్షన్లు, ఒక్కోదానిలో నలభైమంది. నోటుబుక్కుకి రెండేసి నిమిషాలు వేసుకున్నా ఒక విడత దిద్దడానికి నాలుగు గంటలు. బడివాళ్లు ఇచ్చే ఎర్ర పెన్ను నెలకు ఒకటి, మిగతావి సొంత డబ్బుతో కొంటుంది. బొకే వద్దు, కప్పు వద్దు (అల్మారాలో కప్పులు పదకొండున్నాయి), రీఫిళ్లు పంపండి చాలంది. సెప్టెంబర్ 5న మాత్రం పంపొద్దంది, ఆ రోజు టీచర్ల ఫంక్షన్‌కి కుర్చీలు వేయించేది కూడా టీచర్లే కాబట్టి.

దాంతో ప్లాన్ మారింది. ఆగస్టు చివరి వారంలో స్టాఫ్‌రూములకు ఎర్ర రీఫిళ్ల డబ్బాలు, ఒక కార్డు, ఫోటోలు తీయడం లేదు. ఆన్‌లైన్‌లో, చిన్నప్పుడు మీ పుస్తకంలో టీచర్ ఎర్రగా రాసిన మాటను పేరూ బడీ కనబడకుండా ఫోటో తీసి పంపమని అడగడం. వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చింది "అక్షరాలు కోడి గీకినట్టున్నాయి, మళ్లీ రాయి" అన్నది, పంపినాయన ఇప్పుడు డాక్టరు, అక్షరాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయట.

అయితే అసలు దొంగ పోస్టర్‌లో ఉండడు, పక్క టీములో ఉంటాడు. కోడ్ తీసేసి మేం పండగ చేసుకుంటుంటే, వెబ్‌సైట్ చూసినవాళ్ల వెంటపడే రీటార్గెటింగ్ ప్రకటనల్ని నడిపే టీముకి ఈ సంగతే ఎవరూ చెప్పలేదు. టీచర్‌ని తలుచుకుని కళ్లు తుడుచుకుంటూ సైటుకి వచ్చి వెళ్లిన మనిషికి పది నిమిషాల్లో ఫోన్‌లో "రెండు కొంటే ఒకటి ఉచితం" కనబడింది. వారంపాటు వాటిని ఆపించడానికి నేను చేసిన మీటింగులు క్యాంపెయిన్ రాయడానికి చేసినవాటికంటే ఎక్కువ.

వాళ్లనీ పూర్తిగా తిట్టలేను. నెలాఖరు రిపోర్టులో కోడ్ ఎంతమంది వాడారన్న గడి ఉంటుంది, గౌరవానికి గడి ఉండదు. కనబడే అంకె అదొక్కటే అయినప్పుడు పై ఆఫీసరు దాన్నే అడుగుతాడు, మరుసటి ఏడు కోడ్ నిబంధనల్లోంచి ఎగబాకి హెడ్డింగ్‌లో కూర్చుంటుంది. అందుకే ఎన్ని స్టాఫ్‌రూములు మళ్లీ రీఫిళ్లు అడిగాయో రాసే గడి ఒకటి పెట్టించాను. ఆరో తేదీ సమీక్షలో దాన్ని ఎవరూ చదవలేదు. కోడ్ గడిలో సున్నా ఉందని, కోడే లేని క్యాంపెయిన్ ఎందుకు విఫలమైందని అరగంట చర్చించారు.

ఆ మధ్యాహ్నమే వదిన మా కార్డును తిప్పి పంపింది. అచ్చులో "ఉపాద్యాయ" అని పడిందట. ద చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన ధ రాసి, కింద "మళ్లీ రాయండి" అని సంతకం పెట్టింది. కంపెనీవాళ్లకు చూపిస్తే తెగ మురిసిపోయారు. దీన్నే పోస్ట్ చేసేద్దాం, కింద కొంచెం ఖాళీ ఉంది, ఒక్క కోడ్ పడుతుందేమో చూడమన్నారు.