పెసరట్టు ఎనిమిది వందలు

బిల్లును మసకగా ఫొటో తీయడం మన ఆఫీసులో చిరకాలపు ఆచారం. అన్యాయం ఎక్కడంటే, తీసే మన చేతిని వదిలేసి చదివే సాఫ్ట్‌వేర్‌ను తప్పుపడుతున్నాం.

రెండు నెలల కిందట నలుగురం టిఫిను చేశాం. ఇడ్లీ 180, పెసరట్టు 300, కాఫీ 160, మొత్తం 640. దాని మీద సీజీఎస్టీ 16, ఎస్‌జీఎస్టీ 16 కలిపి 672.00 రూపాయలు. హోటల్లో వెలుతురు తక్కువ. వెలుతురు తగ్గితే కెమెరా ప్రతి ఫొటోకూ ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచుతుంది. ఆ కాస్త వ్యవధిలో నా చెయ్యి కదిలింది. 3కి ఎడమవైపున్న నోళ్లు మూసుకుపోయి అది 8 అయింది. దశాంశ బిందువైతే పుట్టడమే ఆవగింజంత, మసకలో ఆనవాలు లేకుండా పోయింది. దాంతో పెసరట్టు 800, బిల్లు 67200.

"పెసరట్టులో బంగారు రేకు వేశారా అండీ?" అన్నారు అకౌంట్స్ గారు. 180, 800, 160 కలిపితే 1140, కింద ఉన్న మొత్తం 640. ఆ ఒక్క కూడికతోనే నా కళాఖండం పట్టుబడింది.

మరోసారి తీశాను, ఈసారి చెయ్యి కదలలేదు. కుర్చీలోంచి లేవడం అమర్యాదని ఫోనును పక్కకు వాల్చి తీశాను, అంతే. అంకెలు అద్దంలా వచ్చాయి గానీ కాఫీ ధర 640 అయింది! రసీదులో ముద్రణ వెడల్పు సుమారు 72 మిల్లీమీటర్లు, వరుసకూ వరుసకూ దూరం నాలుగు లోపే. మూడు డిగ్రీలు వాలితే చాలు, ఎడమ చివర కాఫీ ఉన్న ఎత్తుకే కుడి చివర కింది వరుస అంకె వచ్చేస్తుంది. కాగితం మొత్తం ఒకే తీరున వాలితే సాఫ్ట్‌వేర్ చాలావరకు సరిదిద్దుకుంటుంది. ఫోనే వాలితే పై వరుసలది ఒక వాలు, కింది వరుసలది మరొకటి. అప్పుడు అది మాత్రం ఏం చేస్తుంది, పాపం?

చివరికి పరువు చంపుకుని లేచి నిలబడ్డాను. కిటికీ దగ్గర ముదురు రంగు బల్ల మీద రసీదును చదునుగా పరిచి, ఫోనును సరిగ్గా దాని పైన, బల్లకు సమాంతరంగా పట్టుకున్నాను. నీడ పడకుండా పక్కకు జరిగాను, మెరుపు పడకుండా ఫ్లాష్ ఆపాను. మరీ దగ్గరికి పోతే ఫోకస్ కుదరదు కాబట్టి జానెడు దూరం ఉంచి, అంకెల మీద వేలితో తాకి, ఊపిరి బిగబట్టి నొక్కాను. తర్వాత పెద్దది చేసి చూస్తే 3 నోళ్లు తెరిచే ఉన్నాయి, బిందువూ కనబడుతోంది.

ఆ ఫొటోను మామూలుగా వాట్సాప్‌లో పంపి మళ్లీ మసకబార్చాను. డాక్యుమెంటుగా పంపితే కుదించదట, నాకెవరూ చెప్పలేదు.

"అసలు రసీదే తెండి" అన్నారు అకౌంట్స్ గారు. రెండు నెలలుగా భద్రంగా ప్లాస్టిక్ కవరులో దాచిన ఆ థర్మల్ కాగితాన్ని గర్వంగా తీసి ఇచ్చాను. ఆయన రెండువైపులా తిప్పి చూశారు. పాల మీగడలా తెల్లగా ఉంది.