పిక్కలోకి నొప్పి దిగితే ఆగొద్దు
"మోకాలి వెనక నీటితిత్తి ప్రమాదం కాదు, దానంతటదే తగ్గిపోతుంది." చాలామంది విషయంలో నిజమే, కానీ నొప్పి పిక్కలోకి దిగితే ఈ మాట నమ్ముకుని ఇంట్లో కూర్చోకూడదు. పలాసలో జీడిపప్పు పనికి వెళ్లే మా పిన్నికి మోకాళ్ల అరుగుదల ఉంది. అరిగిన కీలులో ఎక్కువగా ఊరిన నీరు వెనక్కి చేరి సంచిలా ఉబ్బింది. కాలు పూర్తిగా చాపితే బిగుసుకునేది, కొంచెం మడిస్తే మెత్తబడేది. ఒకరోజు మెట్లు దిగుతుంటే పిక్కలో కలుక్కుమంది, సాయంత్రానికి పిక్కంతా వాచి వేడెక్కింది. తిత్తి పగిలి నీరు కిందికి జారినా ఇలాగే ఉంటుంది, లోపలి సిరలో రక్తం గడ్డకట్టినా ఇలాగే ఉంటుంది. పైకి చూసి డాక్టరు కూడా కచ్చితంగా తేల్చలేరు. అందుకే వెంటనే శ్రీకాకుళం తీసుకెళ్లి డాప్లర్ స్కాన్ చేయించాం. రక్తం గడ్డ లేదు, తిత్తే పగిలిందని తేలింది. తర్వాత చీలమండ దగ్గర కమిలిన మచ్చ కూడా కనిపించింది. బయల్దేరే ముందు పక్కింటివాళ్లు నూనె రాసి పిక్క మర్దన చేస్తామన్నారు, వద్దని గట్టిగా చెప్పాను. లోపల నిజంగా రక్తం గడ్డ ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. ఇలాంటి వాపుతో పాటు ఆయాసం గానీ ఛాతీనొప్పి గానీ వస్తే స్కానింగ్ సెంటర్ వెతుక్కోకుండా నేరుగా 108కి ఫోన్ చేయండి.