కాలువ చదివిన డిగ్రీ

నల్గొండ బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సీ కట్టారనుకుందాం: 'ప్రతి ఏడాది చదువుకు నెలకు రూ. 2,000 అదనపు సంపాదన. ఇది సర్వే చెప్పిన నిజం!' ఇంతటి శుభవార్త విన్నాక ఆలస్యం దేనికి? నాట్లు ఆపేసి, పొలాల్లో పీజీ సెంటర్లు వేసుకుంటే సరిపోతుంది.

సర్వే అబద్ధమేమీ చెప్పలేదు. పదో తరగతితో ఆగినవాళ్ల సగటు సంపాదన 12,000, పదిహేనేళ్లు చదివి డిగ్రీ చేసినవాళ్లది 22,000. తేడా పది వేలు. ఐదేళ్లతో భాగిస్తే ఏడాదికి రెండు వేలు. కూడికలో, భాగారంలో తప్పు పట్టడానికి లేదు.

కాకపోతే తండ్రికి ఎంత పొలం ఉందో ఎవరూ అడగలేదు. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే పొలముంటే కొడుకు డిగ్రీ దాకా చదువుతాడు. అదే పొలం ధైర్యంతో దిల్‌సుఖ్‌నగర్‌లో రూము తీసుకుని, మంచి ఉద్యోగం దొరికేదాకా ఆగుతాడు కూడా. దేవరకొండ వైపు బోరు ఎండినవాడి కొడుకు మొదట దొరికిన పనిలో చేరిపోతాడు.

ఇప్పుడు పొలాన్నీ లెక్కలో కూర్చోబెడదాం. చదువు సమానంగా ఉన్నవాళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక ఎకరం ఎక్కువున్న ఇంటి పిల్లవాడు నెలకు 2,000 ఎక్కువ తెస్తున్నాడనుకోండి. టెన్త్ వాళ్ల ఇళ్లలో సగటున ఒక ఎకరం, డిగ్రీ వాళ్ల ఇళ్లలో మూడున్నర. ఈ రెండున్నర ఎకరాల తేడాయే ఐదు వేలు తెచ్చింది. చదువుకు మిగిలింది ఐదు వేలు, అంటే ఏడాదికి వెయ్యి. మిగతా వెయ్యి కాలువది. పేరు మాత్రం డిగ్రీ కొట్టేసింది.

దీన్నే ఒమిటెడ్ వేరియబుల్ బయస్ అంటారు. వదిలేసిన ప్రతిదీ ఇలా లెక్క చెడగొట్టదు. అది సంపాదననూ మార్చాలి, చదువుతోనూ కలిసి నడవాలి. అదృష్టం జీతం పెంచుతుంది. కానీ టెన్త్ వాళ్లనూ డిగ్రీ వాళ్లనూ ఒకేలా కరుణిస్తే, దాన్ని వదిలేసినా ఏడాదికి ఎంతన్న సగటు అంకె చెడిపోదు.

'నాలుగు వందల మందిని కాదు, నలభై వేల మందిని అడుగుతాం' అంటారు సర్వే పెద్దలు. అడగండి, మహాప్రభో! పొలం సంగతి అడగనంతకాలం మళ్లీ ఆ రెండు వేల దగ్గరికే వస్తారు, ఈసారి ఇంకా గట్టి నమ్మకంతో.

ఇక పాలమూరులో ఇదే లెక్క తలకిందులు కావచ్చు. అక్కడ చదువు ఆపేసినవాళ్లలో ఎక్కువమంది ముంబైకో, పుణేకో కూలికి వలసపోతున్నారనీ, ఊళ్లో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే డిగ్రీవాడికంటే నాలుగు డబ్బులు ఎక్కువ చూస్తున్నారనీ అనుకుందాం. వలసను వదిలేస్తే ఈసారి చదువు విలువ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఆ సర్వే పట్టుకుని మహబూబ్‌నగర్ బస్టాండు దగ్గర కూడా ఒక ఫ్లెక్సీ కట్టొచ్చు: 'చదువు దండగ, ముంబై బస్సెక్కండి!'